మా కిరాణంలో పాయింట్ల కార్డు మొదలు: పాయింట్లు ఎట్లా వస్తాయి, ఎట్లా వాడుకోవాలి

నయీంనగర్ కిరాణం

అందరికీ నమస్కారం. హన్మకొండ నయీంనగర్‌లో మా కిరాణం దుకాణం నాన్నగారి కాలం నుంచి నడుస్తోంది. ఈ గ్రూపులో ఉన్న చాలామంది మా దగ్గరే సామాన్లు తీసుకుంటారు కాబట్టి ముందు ఇక్కడే చెబుతున్నాను. ఉగాది నుంచి పాయింట్ల కార్డు మొదలుపెడుతున్నాం. కార్డుకు పైసలేమీ లేవు. కౌంటర్ దగ్గర పేరు చెబితే చాలు, నంబరు ఉన్న కార్డు ఇస్తాం. ఫోన్ నంబరు ఇవ్వడం మీ ఇష్టం.

పద్ధతి ఇది. మేం బస్తాల్లో తెచ్చి మా దగ్గరే తూచి కట్టే సరుకుల మీద, అంటే పప్పులు, రవ్వ, పిండి, చింతపండు, జీలకర్ర, ఆవాలు, ఎల్లిపాయల వంటి వాటి మీద ప్రతి 100 రూపాయలకు 3 పాయింట్లు. సబ్బులు, టీ పొడి, బిస్కెట్లు, బట్టల పౌడర్ లాంటి కంపెనీ ప్యాకెట్ల మీద ప్రతి 100కు 1 పాయింటు. నూనె, చక్కెర, పాల ప్యాకెట్లు, 25 కిలోల బియ్యం సంచి, వీటి మీద పాయింట్లు లేవు. ఒక పాయింటు అంటే ఒక రూపాయి. 50 పాయింట్లు జమ అయ్యాక ఏ బిల్లులోనైనా, ఏ సరుకు మీదైనా తగ్గించుకోవచ్చు, నూనె మీద కూడా. ఏ నెలలో వచ్చిన పాయింట్లకు ఆ నెల నుంచి 12 నెలల గడువు.

ఒక ఇంటి లెక్క చెబుతాను. నలుగురున్న ఇంటికి నెల సామాను సుమారు 4,535 రూపాయలు అయిందనుకోండి. అందులో బియ్యం సంచి, నాలుగు లీటర్ల నూనె, చక్కెర కలిపి 2,185. దాని మీద పాయింట్లు రావు. పప్పులు, పిండి, చింతపండు, పోపు సామాన్లు 1,100. దానికి 33 పాయింట్లు. కంపెనీ ప్యాకెట్లు 1,250. దానికి 12. మొత్తం 45 పాయింట్లు, అంటే 45 రూపాయలు. రెండు నెలల్లో 50 దాటుతుంది, అప్పటి నుంచి వాడుకోవచ్చు.

అడగాల్సినవి ఇక్కడే అడగండి, నేనే జవాబు చెబుతాను.

బాలసముద్రం అక్క

తమ్ముడూ, మంచి పని చేస్తున్నావు. కానీ ఇంట్లో ఎక్కువ పైసలు పోయేది నూనెకూ బియ్యానికే. వాటి మీదే పాయింట్లు లేవంటే మా లాంటి వాళ్లకు ఏం మిగులుతుంది? పెద్ద సూపర్ మార్కెట్లలో అన్నింటి మీదా ఇస్తారు కదా. నూనె మీద కనీసం సగం పాయింటైనా పెట్టు.

నయీంనగర్ కిరాణం

అక్కా, నూనె లీటరు ప్యాకెట్ మీద నాకు మిగిలేది రెండు మూడు రూపాయలు. ధర పెరిగిన వారం పాత స్టాకు ఉంటే కొంచెం ఎక్కువ వస్తుంది, తగ్గిన వారం చేతి నుంచి పోతుంది. బీట్ బజార్‌లో నేను కొనే రేటుకూ, పెద్ద స్టోర్ కంపెనీ నుంచి నేరుగా లారీ లోడ్ దింపించుకునే రేటుకూ తేడా ఉంటుంది. చక్కెర కూడా అంతే. కిలోకు ఒకటో రెండో మిగిలితే, సంచి అడుగున తడిసి గడ్డ కట్టింది పోగా ఇంకా తగ్గుతుంది. వాటి మీద పాయింట్లు ఇస్తే నేను ఎక్కడో ఒక చోట ధర పెంచక తప్పదు. అట్లా పెంచి ఇవ్వడం నాకు ఇష్టం లేదు.

పప్పుల్లో, పోపు సామాన్లలో పరిస్థితి వేరు. బస్తా తెచ్చి, చెరిగి, రాళ్లు తీసి, కవర్లు కట్టేది మేమే. ఆ పనికి కొంత మిగులుతుంది. అందులోంచి 3 రూపాయలు మీకు తిరిగి ఇవ్వగలను.

లెక్కల మనిషి

నేను చాలాకాలం వరంగల్, హన్మకొండ దుకాణాలకు పద్దులు రాశాను, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు కూడా పెట్టించాను. కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

అక్క అడిగిన ప్రశ్నకు జవాబు ఏమిటంటే, ఏ కార్డైనా చూసేటప్పుడు పాయింట్లు ఎన్ని వస్తాయో ఒక్కటే చూడకూడదు, పాయింటు విలువ ఎంతో కూడా కలిపి చూడాలి. ఒక చోట 100కు 5 పాయింట్లు ఇస్తారు, కానీ పాయింటు 10 పైసలకే లెక్క కడతారు. అంటే 100కు మీకు తిరిగి వచ్చేది అర్ధ రూపాయి. పాయింట్లు ఎక్కువ కనిపిస్తాయి, చేతికి వచ్చేది తక్కువ. ఇక్కడ పాయింటుకు రూపాయి కాబట్టి మోసపోయే అవకాశం లేదు.

అయితే అన్నా, మీరు 3 పాయింట్లు అని పెద్ద అక్షరాలతో బోర్డు రాస్తే జనం మొత్తం బిల్లు మీద నూటికి మూడు అనుకుంటారు. మీరు చెప్పిన ఇంటి లెక్కే తీసుకోండి. 4,535కు 45, అంటే మొత్తం మీద నూటికి ఒక్కటి. బోర్డు మీద ఈ మాట కూడా రాయండి. మొదట్లోనే తెలిస్తే ఎవరూ బాధపడరు.

ఇంతకన్నా నన్ను ఆపింది ఇంకొకటి. "ప్రతి 100 రూపాయలకు" అన్నారు. బిల్లు బిల్లుకూ 100 లెక్క చూస్తారా, లేక నెలంతా కలుపుతారా? మీ సాఫ్ట్‌వేర్‌లో ఎట్లా పెట్టారో చూసి చెప్పండి.

నయీంనగర్ కిరాణం

బిల్లు బిల్లుకే సార్. బిల్లులో సరుకుల రకం బట్టి పూర్తి వందలు ఎన్ని ఉంటే అన్నిటికి. 1,250 రూపాయల ప్యాకెట్లకు 12 అని అందుకే రాశాను. పై 50 పోతుంది. సాఫ్ట్‌వేర్ అబ్బాయి అట్లాగే పెట్టాడు, అందరూ అట్లాగే పెడతారన్నాడు.

వడ్డేపల్లి లావణ్య

అట్లయితే మా పక్కింటి అక్కకు ఒక్క పాయింటు కూడా రాదు అన్నా. ఆమె బిల్డింగ్ పనికి వెళ్తుంది. ఏ రోజు కూలీ ఆ రోజే చేతికి వస్తుంది, సాయంత్రం ఆ రోజుకు కావాల్సినవే కొంటుంది. పావు కిలో పప్పు, కొంచెం చింతపండు, ఒక సబ్బు, చిన్న టీ ప్యాకెట్. ఎప్పుడూ బిల్లు వంద దాటదు. నెల సామాను ఒకేసారి కొనే మా ఇంటికేమో పాయింట్లు వస్తాయి. మీ దుకాణానికి రోజూ వచ్చేది ఆమె.

లెక్కల మనిషి

నేను అడిగింది ఇందుకే. లావణ్య గారు చెప్పిన ఇంటిని లెక్క కట్టి చూద్దాం.

రోజుకు 75 రూపాయల బిల్లు అనుకుందాం. అందులో 40 పప్పు, చింతపండు. 35 కంపెనీ ప్యాకెట్లు. నెలకు 25 రోజులు వస్తే 1,875 రూపాయల వ్యాపారం. పూర్తి వందల లెక్క ప్రకారం ఆమెకు వచ్చే పాయింట్లు సున్నా.

ఇదే లెక్కను వందకు కాకుండా రూపాయికి కట్టండి. మీరు తూచి కట్టే సరుకు మీద రూపాయికి 0.03, ప్యాకెట్ల మీద రూపాయికి 0.01. రోజుకు 40 మీద 1.20, 35 మీద 0.35, కలిపి 1.55. 25 రోజులకు 38.75. ఆమె కొనే సరుకంతా దాదాపు పాయింట్లు వచ్చే రకమే, నూనె ఎప్పుడో కొంచెం కొంటుంది. అందుకే 1,875కే 39 దగ్గరికి వస్తుంది. 4,535 కొన్న ఇంటికి 45. అంటే బిల్లులో మీ దుకాణానికి లాభం తెచ్చే సరుకు వాటా ఎక్కువగా ఉన్నది ఆమెకే, వందల లెక్క ఆమెకే ఏమీ ఇవ్వదు.

సాఫ్ట్‌వేర్‌లో ఇది పెద్ద మార్పు కాదు. పాయింట్ల నియమం రాసే చోట 100కు 3 అని ఉన్నదాన్ని 1కి 0.03 అని మార్చి, జమలో రెండు దశాంశాలు ఉంచమని అడగండి. చాలా సాఫ్ట్‌వేర్లలో ఈ వీలు ఉంటుంది. వాడుకునేటప్పుడు మాత్రం పూర్తి రూపాయలే తగ్గించండి. మిగిలిన పైసలు జమలోనే ఉంటాయి.

నయీంనగర్ కిరాణం

ఇప్పుడే సాఫ్ట్‌వేర్ అబ్బాయికి ఫోన్ చేశాను సార్. రూపాయికి లెక్క పెట్టొచ్చట, దశాంశాలు జమలో నిలుస్తాయట. రేపు వచ్చి మార్చి వెళ్తాడు. కాబట్టి పైన నేను రాసింది ఇట్లా చదువుకోండి: పూర్తి వందలు కావాల్సిన అవసరం లేదు, 20 రూపాయల పప్పు కొన్నా 0.60 జమ అవుతుంది.

లావణ్య చెల్లీ, ఒక ఇబ్బంది ఉంది, అది కూడా చెప్పాలి. పొద్దున ఏడు నుంచి తొమ్మిది వరకు, సాయంత్రం దీపాలు పెట్టే వేళ కౌంటర్ దగ్గర రద్దీ ఉంటుంది. పది, ఇరవై రూపాయల సరుకు చాలావరకు బిల్లు లేకుండానే చేతికి ఇచ్చి పంపుతాం. కంప్యూటర్‌లో ఎక్కకపోతే పాయింటు రాదు. కార్డు ఉన్నవాళ్లు కార్డు నంబరు ముందే చెబితే చిన్న సరుకైనా బిల్లు కొట్టాలని మా పిల్లలకు చెబుతాను. కొంచెం నిలబడాల్సి రావచ్చు.

వడ్డేపల్లి లావణ్య

సంతోషం అన్నా. ఆమెకు చదువు రాదు, కార్డు నంబరు గుర్తుండదు. కార్డు చూపిస్తే చాలు కదా?

నయీంనగర్ కిరాణం

చాలు చెల్లీ. కార్డు మీద గీతల కోడ్ ఉంటుంది, మెషిన్‌తో చదువుతాం. మరిచిపోయి వస్తే పేరు చెప్పినా వెతికి పెడతాం.

ఎనుమాముల అన్న

అన్నా, కార్డు మీద లిమిట్ ఎంత ఇస్తున్నారు? మిర్చి అమ్మేదాకా మా చేతిలో పైసలు ఉండవు. ఇప్పుడు సరుకు తీసుకుని, మార్కెట్‌లో మిర్చి పోయాక కట్టేస్తాను. వడ్డీ ఏమైనా వేస్తారా?

నయీంనగర్ కిరాణం

అన్నా, ఇది ఉద్దెర కార్డు కాదు. బ్యాంకు కార్డులా దీని మీద అప్పు తీసుకోవడం ఉండదు. మీరు కొన్నదాని మీద పాయింట్లు జమ చేసే కార్డు మాత్రమే. ఉద్దెర కావాలంటే దుకాణానికి రండి, మాట్లాడుకుందాం. అది ఎప్పటిలాగే నోటు బుక్కులో రాసుకుంటాం.

హంటర్ రోడ్ నుంచి

ఎనుమాముల అన్న అడిగింది వేరే అయినా, అందులోంచి నాకు ఒక సందేహం వచ్చింది. ఇప్పటికే ఉద్దెర ఖాతా ఉన్నవాళ్ల సంగతి ఏమిటి? నేను అవుట్‌సోర్సింగ్ ఉద్యోగం చేస్తున్నాను. జీతం కొన్నిసార్లు రెండు నెలలు ఆగి వస్తుంది. నెల సామాను ఖాతాలో రాయిస్తాను, జీతం రాగానే మొత్తం కడతాను. నాకు పాయింట్లు వస్తాయా, రావా? వస్తే కొన్నరోజా, కట్టినరోజా?

నయీంనగర్ కిరాణం

నేను అనుకున్నది ఇది. పైసలు చేతికి వచ్చిన రోజే పాయింట్లు. ఖాతా బిల్లు తేదీ నుంచి 30 రోజుల్లో మొత్తం కడితే పూర్తి పాయింట్లు. 30 దాటితే ఆ బిల్లుకు పాయింట్లు లేవు. కొంచెం కట్టి కొంచెం ఆపితే, మొత్తం తీరే వరకు ఆగాలి. ఎందుకంటే ఉద్దెర ఇచ్చిన సరుకుకు నేను హోల్‌సేల్ వాళ్లకు పది, పదిహేను రోజుల్లో కట్టాలి. మీరు కట్టేదాకా ఆ పైసలు నా చేతి నుంచి పెట్టినవే.

హంటర్ రోడ్ నుంచి

30 రోజులు అంటే నాలాంటి వాళ్లకు ఎప్పుడూ రావు అన్నా. జీతం ఆలస్యం మా చేతిలో లేదు. ఎప్పుడూ ఎగ్గొట్టలేదు, వేరే దుకాణానికి వెళ్లలేదు. ఇరవై రోజులు ఆలస్యమైతే పాయింట్లు మొత్తం పోవడం సరికాదు. 60 రోజుల లోపు కడితే సగమైనా ఇవ్వండి.

బాలసముద్రం అక్క

తమ్ముడు నగదు పెట్టి కొనేవాళ్ల గురించి కూడా ఆలోచించాలి కదా. మేం ఎప్పటికప్పుడు కట్టేస్తున్నాం. రెండు నెలలకు కట్టేవాళ్లకూ మాకూ ఒకటే లెక్క అయితే మాకేం లాభం? జీతం ఆలస్యమయ్యే నీ కష్టం నాకు అర్థమవుతోంది, కాదనను. కానీ ఉద్దెర ఇవ్వడమే దుకాణం వాళ్లు చేసే పెద్ద సాయం. దాని మీద మళ్లీ పాయింట్లు అడగడం నాకు సబబుగా అనిపించడం లేదు.

లెక్కల మనిషి

ఇద్దరి మాటలోనూ పస ఉంది. నేను లెక్క వరకే చెబుతాను. రెండు నెలల ఉద్దెర మీద, మీరు పెట్టుబడికి తెచ్చిన అప్పుకు నెలకు నూటికి రూపాయిన్నర వడ్డీ కడుతున్నారనుకుంటే, 4,535 బిల్లుకు రెండు నెలల ఖర్చు 136 రూపాయల దాకా అవుతుంది. పాయింట్ల విలువ 45. అంటే ఉద్దెర తీసుకున్న ఇంటికి దుకాణం ఇప్పటికే పాయింట్లకు మూడింతలు ఇచ్చినట్టు. అయితే ఈ మనిషి ఎప్పుడూ వేరే దుకాణం మొహం చూడలేదంటే, ఆ నమ్మకానికి ఎంత విలువ కట్టాలో నా పుస్తకంలో లేదు. అది అన్నే నిర్ణయించుకోవాలి.

నయీంనగర్ కిరాణం

ఇప్పటికైతే 30 రోజుల నియమమే ఉంచుతున్నాను. హంటర్ రోడ్ అన్నా, మీ మాట మనసులో పెట్టుకున్నాను. జీతం స్లిప్‌లు చూసి ఒకరికి ఒక నియమం, ఇంకొకరికి ఇంకో నియమం అంటే కౌంటర్ దగ్గర గొడవలవుతాయి. దసరా దాకా ఎట్లా నడుస్తుందో చూసి మళ్లీ మాట్లాడతాను.

కాజీపేట జంక్షన్

అన్నా, ఏడాది లోపే గడువు పెట్టడానికి వీల్లేదు కదా? రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది, గిఫ్ట్ కార్డులకు కనీసం ఒక సంవత్సరం చెల్లుబాటు ఉండాలి. మీరు 12 నెలలు ఇస్తున్నారు కాబట్టి మీకు ఇబ్బంది లేదు, కానీ ఆరు నెలలకే తీసేసే దుకాణాలన్నీ చట్టం తప్పుతున్నట్టే. పైగా ఇట్లాంటి కార్డు పెట్టాలంటే రిజర్వ్ బ్యాంకు అనుమతి కూడా కావాలేమో చూసుకోండి.

లెక్కల మనిషి

ఆ ఒక ఏడాది నిబంధన నిజమే, కానీ అది మనం ముందుగా పైసలు నింపి వాడుకునే కార్డులకు, వ్యాలెట్లకు. అక్కడ మన సొమ్ము వాళ్ల దగ్గర ఉంటుంది కాబట్టి కాపాడాలి. ఇక్కడ ఎవరూ పైసలు నింపడం లేదు, దుకాణం తనంతట తాను ఇచ్చే తగ్గింపు ఇది. పైగా ఒకే దుకాణంలో ఆ దుకాణం సరుకుకే పనికొచ్చే కార్డుకు రిజర్వ్ బ్యాంకు అనుమతి అక్కర్లేదు. గడువు ఎంతైనా పెట్టొచ్చు, కానీ మొదటి రోజే చెప్పాలి, మధ్యలో తగ్గించకూడదు.

గడువు గురించి అన్నకు ఇంకో మాట. ఏ నెల పాయింట్లకు ఆ నెల నుంచి గడువు అన్నారు. అప్పుడు వాడుకునేటప్పుడు పాత పాయింట్లు ముందు తరగాలి. కొన్ని సాఫ్ట్‌వేర్లు కొత్తవి ముందు తీసేస్తాయి, పాతవి గడువు దాటి పోతాయి, మనిషికి ఎందుకు తగ్గాయో తెలియదు. రేపు అబ్బాయి వచ్చినప్పుడు ఒక నకిలీ కార్డు మీద రెండు వేర్వేరు తేదీల బిల్లులు కొట్టి, కొన్ని పాయింట్లు వాడి, ఏ తేదీవి తగ్గాయో మీ కళ్లతో చూడండి.

నయీంనగర్ కిరాణం

తప్పకుండా చూస్తాను సార్. ఇది నాకు తట్టలేదు.

లెక్కల మనిషి

ఇంకొకటి కూడా చెప్పి ఊరుకుంటాను. జనం దగ్గర పోగయ్యే పాయింట్లు మీరు ఇవ్వాల్సిన బాకీ. 150 ఇళ్లు కార్డు తీసుకుని నెలకు సగటున 45 పాయింట్లు తెచ్చుకుంటే నెలకు 6,750. ఎవరూ వాడకుండా ఉగాది నుంచి ఆరు నెలలు దాచుకుంటే 40,500. మన దగ్గర జనం ఎప్పుడు వాడతారు? బతుకమ్మ, దసరా వారంలో. నువ్వులు, బెల్లం, పల్లీలు, నెయ్యి, సత్తు పిండికి కావాల్సినవన్నీ కొనేది అప్పుడే. మీరు స్టాకు కోసం హోల్‌సేల్ వాళ్లకు ఎక్కువ కట్టాల్సిన వారంలోనే గల్లా పెట్టెలోకి 40 వేలు తక్కువ వస్తాయి. సరుకు రూపంలో ఇస్తారు కాబట్టి అసలు ఖర్చు 36 వేల లోపే ఉండొచ్చు, అయినా చేతిలో నగదు ఆగిపోతుంది.

అందుకే ప్రతి నెల చివర సాఫ్ట్‌వేర్‌లో మొత్తం నిలవ పాయింట్లు చూసి, అంత సొమ్ము విడిగా పెట్టుకోండి. 50 దాటిన వాళ్లకు కౌంటర్ దగ్గరే వాడుకుంటారా అని అడగండి. దాచిపెట్టమని ప్రోత్సహించకండి. ఊళ్లో ఒక దుకాణం పండుగకు రెట్టింపు పాయింట్లు ప్రకటించి, ఆ తర్వాతి నెల పాయింట్లు తీసుకోవడం ఆపేసింది. కస్టమర్లు కార్డులు కౌంటర్ మీద పడేసి వెళ్లారు.

సుబేదారి స్టూడెంట్

మేం రూమ్‌లో ఐదుగురం ఉంటాం అన్నా, యూనివర్సిటీలో చదువుతున్నాం. అందరం ఒకే కార్డు వాడుకోవచ్చా? మా ఐదుగురివి కలిస్తే తొందరగా 50 దాటుతుంది. మేం ఎక్కువగా కొనేది నూడుల్స్, గుడ్లు, నూనె.

నయీంనగర్ కిరాణం

వాడుకోవచ్చు తమ్ముడూ. కార్డు ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే. కాకపోతే పాయింట్లు వాడుకునేటప్పుడు మీలో మీకు గొడవ వస్తే నేను తీర్చలేను, మీలో ఒకరి పేరు మీద తీసుకోండి. గుడ్ల మీద పాయింట్లు లేవు, అది పైన రాయలేదు. గుడ్ల రేటు రోజూ మారుతుంది, కొన్ని పగిలిపోతాయి.

రాంనగర్ పద్మ

నేను వేరే అనుభవం చెప్పాలి. ఒక పెద్ద స్టోర్‌లో ఏళ్ల తరబడి పాయింట్లు పోగుచేశాను. వాళ్లకు ఫోన్ నంబరే కార్డు. మా ఆయన కొత్త సిమ్ తీసుకున్నాక పాత నంబరుకు వచ్చే ఓటీపీ లేకుండా పాయింట్లు ఇవ్వం అన్నారు. బిల్లులు అన్నీ చూపించాను, వినలేదు. అందుకే నాకు ఇట్లాంటి కార్డులంటే భయం. పైగా నంబరు ఇచ్చినప్పటి నుంచి రోజుకు నాలుగు మెసేజ్‌లు.

నయీంనగర్ కిరాణం

పద్మక్కా, అందుకే మేం కార్డు నంబరు పెట్టాం. ఫోన్ ఇవ్వకపోయినా కార్డు పని చేస్తుంది. కార్డు పోతే పేరు, కాలనీ చెప్పండి. చివరగా ఏం కొన్నారో సుమారుగా చెబితే సరిచూసి కొత్త కార్డుకు పాయింట్లు మారుస్తాం. ఫోన్ ఇచ్చినవాళ్లకు కూడా పండుగకు ఒక మెసేజ్ తప్ప పంపం.

కాజీపేట జంక్షన్

బిల్లు కొట్టాలంటే ఫోన్ నంబరు ఇవ్వాల్సిందే అని దుకాణాలు పట్టుబట్టకూడదని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023లోనే చెప్పింది. పద్మ గారు, ఇకమీదట ఎక్కడైనా అడిగితే ఇవ్వనని చెప్పొచ్చు.

లెక్కల మనిషి

ఇది మీరు సరిగ్గా చెప్పారు. కానీ పాయింట్లు వాళ్ల పద్ధతి ప్రకారం నంబరు మీదే జమ అవుతుంటే, నంబరు ఇవ్వకపోతే పాయింట్లు రావు. పద్మ గారికి జరిగిన దానికి ఆ మాట సాయం చేయదు.

అన్నా, ఫోన్ నంబరు లేని కార్డు మంచిదే, కానీ దానివల్ల ఒక ప్రమాదం ఉంది. కార్డు లేని కస్టమర్ బిల్లు మీద కౌంటర్ పిల్లలు తమ కార్డో, స్నేహితుడి కార్డో కొట్టుకోవచ్చు. కస్టమర్‌కు తెలియదు, బిల్లు మొత్తం మారదు, మీకు మాత్రం పాయింట్ల బాకీ పెరుగుతుంది. నేను చూసిన దుకాణాల్లో ఇది చాలాసార్లు జరిగింది. పట్టుకోవడం తేలిక. వారానికోసారి కార్డు వారీగా బిల్లుల లెక్క తీయండి. ఏ ఇల్లూ ఒక్కరోజులో పదిసార్లు సరుకు కొనదు. ఒకే కార్డు మీద ఒకే రోజు ఎనిమిది, పది బిల్లులు కనిపిస్తే, అవన్నీ ఒకే పిల్లవాడు కౌంటర్‌లో ఉన్న వేళలవే అయితే, విషయం తెలిసిపోతుంది. నిందించే ముందు సుబేదారి తమ్ముళ్ల లాంటి రూమ్ కార్డు కాదని చూసుకోండి.

నయీంనగర్ కిరాణం

మా దగ్గర పిల్లలు నమ్మకస్తులే సార్. కానీ లెక్క తీస్తాను. బిల్లు అడుగున కార్డు చివరి నాలుగు అంకెలు, ఈ బిల్లుకు వచ్చిన పాయింట్లు, మొత్తం నిలవ అచ్చు అయ్యేలా పెట్టిస్తున్నాను. ఎవరి బిల్లు వాళ్లు చూసుకుంటే పిల్లల మీద అనుమానం రాకుండా ఉంటుంది.

బాలసముద్రం అక్క

తమ్ముడూ, వాపసు ఇస్తే? పోయిన నెల నీ దగ్గర తీసుకున్న పెసరపప్పులో పురుగు వచ్చిందని తెచ్చి ఇచ్చాను, మార్చి ఇచ్చావు.

నయీంనగర్ కిరాణం

మార్చి అదే సరుకు ఇస్తే పాయింట్లు కదలవు అక్కా. పైసలు వాపసు ఇస్తే ఆ సరుకుకు వచ్చిన పాయింట్లు తగ్గుతాయి. అప్పటికే వాడేసి ఉంటే వాపసు సొమ్ములోంచి తగ్గించుకుంటాను. పాయింట్లు పెట్టి కొన్న సరుకు వాపసు ఇస్తే, ఆ భాగం మళ్లీ పాయింట్లుగానే జమ చేస్తాను, నగదుగా ఇవ్వను.

ఎనుమాముల అన్న

కార్డు సంగతి ఇప్పుడు అర్థమైంది అన్నా. మరి మేడారం జాతరకు బంగారం తీసుకుంటే పాయింట్లు వస్తాయా? మా అమ్మాయి పేరు మీద నిలువెత్తు మొక్కు ఉంది, యాభై కిలోల దాకా బెల్లం కావాలి. బెల్లం బస్తాల్లో వచ్చేదే కదా, 100కు 3 అయితే మాకు మంచి లెక్క.

నయీంనగర్ కిరాణం

అన్నా, అమ్మవార్ల మొక్కుకు బెల్లం మేం దాదాపు కొన్న రేటుకే ఇస్తాం, అది నాన్నగారు పెట్టిన పద్ధతి. పది కిలోల పైన తీసుకునే బెల్లం మీద పాయింట్లు ఇవ్వలేను. ఇంటి వాడకానికి కిలో, రెండు కిలోలు తీసుకుంటే 100కు 3 వస్తాయి.

ఎనుమాముల అన్న

సరే అన్నా, రేటే తక్కువైతే పాయింట్లు అక్కర్లేదు.

వడ్డేపల్లి లావణ్య

ఒక్క మాట అన్నా. 50 పాయింట్లు దాటాకే వాడుకోవాలన్నారు. మా పక్కింటి అక్కకు నెలకు 39 అంటే రెండో నెలలో దాటుతుంది. కానీ పని దొరకని నెలల్లో ఆమె పుట్టింటికి వెళ్తుంది, ములుగు వైపు. ఆమెలాంటి వాళ్లకు 50 బదులు 20 పెట్టొచ్చా? ఆమెకు 20 రూపాయలు అంటే ఒక పూట కూరకు సరిపోతుంది.

లెక్కల మనిషి

అన్నకు కూడా అదే మేలు. కనీస పరిమితి ఎక్కువ ఉంటే బాకీ పోగవుతుంది, పండుగ వారం భారం పెరుగుతుంది. తక్కువ ఉంటే కొంచెం కొంచెంగా తీరిపోతుంది. 20 పెడితే ఇబ్బంది ఏమిటంటే, రోజూ బిల్లులో తగ్గింపు అడిగేవాళ్లు పెరిగి కౌంటర్ దగ్గర ఆలస్యం అవుతుంది. రద్దీ వేళల్లో అది తక్కువ సమస్య కాదు.

నయీంనగర్ కిరాణం

20 పెడుతున్నాను. రద్దీ వేళ ఆలస్యమైతే రెండో కౌంటర్‌లో మా తమ్ముణ్ణి కూర్చోబెడతాను. కార్డుల ప్రింటింగ్ ఇంకా ఇవ్వలేదు కాబట్టి వెనక భాగంలో రూపాయి లెక్క, 20 పాయింట్ల పరిమితి, 12 నెలల గడువు, పాయింట్లు రాని సరుకుల పేర్లు, అన్నీ తెలుగులోనే వేయిస్తాను. గుడ్లు, పెద్ద మొత్తంలో బెల్లం కూడా అందులో చేరుస్తాను. ఉగాది రోజు పొద్దున ఆరింటి నుంచి కార్డులు ఇస్తాం. లావణ్య చెల్లీ, మీ పక్కింటి అక్క పనికి వెళ్లే ముందే వస్తే ఆమె కార్డు ముందు తీసి పెడతాను.